ఎపిడ్యూరల్ తీసుకుంటే నడుము పోతుందా?

ప్రశ్న: నాకు ఇప్పుడు ఎనిమిదో నెల. మొదటి కాన్పు. నొప్పి తట్టుకోలేనేమో అన్న భయంతో ఎపిడ్యూరల్ అడుగుదామనుకుంటున్నాను. కానీ అత్తగారు "వెన్నులో సూది వేస్తే జీవితాంతం నడుము నొప్పే" అంటున్నారు. మా వదిన తీసుకుంది, ఒక పక్క మాత్రమే పనిచేసి, రెండో పక్క నొప్పి అలాగే ఉందట. ఇది తీసుకుంటే చివరికి సిజేరియనే అవుతుందని ఇంకెవరో చెప్పారు. బిడ్డకు మత్తు ఎక్కుతుందా? ఇంజెక్షన్లు, గ్యాస్ లాంటివి వేరే ఉన్నాయంటున్నారు, అవి నయమా? తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ వదినగారి అనుభవంతోనే మొదలుపెడతాను. ఎందుకంటే మీరు రాసిన వాటిలో ఎక్కువగా జరిగేది అదే, సరిదిద్దడానికి వీలైనదీ అదే. అది అర్థం కావాలంటే ముందు సూది ఎక్కడికి వెళుతుందో తెలియాలి.

వెన్నుపాము వెన్నెముక చివరిదాకా ఉండదు. చాలామందిలో అది నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. ఆ కింద విడివిడి నరాలు మాత్రమే ఉంటాయి. ఎపిడ్యూరల్ సూది సాధారణంగా మూడు, నాలుగు పూసల మధ్య వేస్తారు, అంటే వెన్నుపాము ముగిసిన చోటికి కింద. పైగా అది నరాల దాకా వెళ్లదు. నరాల చుట్టూ నీరు ఉంటుంది, ఆ నీటిని పట్టి ఉంచే గట్టి పొర ఒకటి ఉంటుంది. దాని పేరు డ్యూరా. సూది ఆ పొరకు బయటే ఆగిపోవాలి. ఆ పొరకూ ఎముకకూ మధ్య కొవ్వు, సన్నటి రక్తనాళాలు ఉండే ఇరుకు చోటునే ఎపిడ్యూరల్ చోటు అంటారు. చర్మం నుంచి అక్కడికి చాలామందిలో నాలుగైదు సెంటీమీటర్ల లోతు.

ఆ చోటు దొరికిందని మత్తు డాక్టర్‌కు చేతి స్పర్శతో తెలుస్తుంది. సూది వెనక సెలైన్ నింపిన సిరంజి ఉంటుంది. సూది గట్టి కండరబంధాల్లో ఉన్నంతసేపూ సిరంజిని నొక్కితే కదలదు. ఖాళీ చోటులోకి రాగానే ఆ అడ్డు ఒక్కసారిగా పోయి సెలైన్ తేలిగ్గా లోపలికి జారుతుంది. అక్కడ ఆగి, సూది గుండా సన్నటి, మెత్తటి ప్లాస్టిక్ గొట్టాన్ని పంపిస్తారు. లోపల నాలుగైదు సెంటీమీటర్లు ఉంచి సూదిని పూర్తిగా బయటికి తీసేస్తారు. వీపులో మిగిలేది ఆ గొట్టం ఒక్కటే. "రాత్రంతా వెన్నులో సూది పెట్టుకుని ఎలా పడుకోవాలి" అని అడిగేవాళ్లు ఎందరో. సూది అక్కడ ఉండేది కొద్ది నిమిషాలే.

ఇక మందు. ఎక్కువగా వాడేది బ్యుపివకైన్ లేదా రోపివకైన్. చర్మాన్ని మొద్దుబార్చే మందుల కుటుంబానికే చెందినవి ఇవి. వీటికి ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు కొద్దిగా కలుపుతారు. ఒకప్పుడు బ్యుపివకైన్‌ను 0.25 శాతం, అంతకంటే చిక్కగా ఇచ్చేవారు. నొప్పి పూర్తిగా పోయేది, దాంతోపాటు మందు ఉన్నంతసేపూ కాళ్ల కదలికా పోయేది. ఇప్పుడు 0.1 శాతమో ఇంకా తక్కువో ఇస్తున్నారు. ఫెంటనిల్ తోడుండడం వల్ల ఆ పలుచని మందే నొప్పిని ఆపుతుంది, కాళ్లు కొంచెం బరువెక్కినా కదులుతాయి. మీరు వింటున్న భయాల్లో చాలావరకు ఆ పాత చిక్కటి మందు కాలంలో పుట్టినవే. అప్పట్లో అవి పూర్తిగా కల్పితాలు కావు కూడా. అందుకే పెద్దవాళ్లను తప్పుపట్టలేను.

ఒక రాత్రి ఎలా గడుస్తుందో చెబుతాను. మొదటి కాన్పుకు వచ్చిన ఒకామెను ఊహించుకోండి. రాత్రి తొమ్మిదింటికి నాలుగు నిమిషాలకోసారి నొప్పులు వస్తున్నాయి, గర్భసంచి ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుంది. ఆమె ఎపిడ్యూరల్ అడిగింది. "ఇంకా తొందరే, ఆగండి" అని చెప్పడానికి వైద్యపరంగా కారణం లేదు. ఇన్ని సెంటీమీటర్లు తెరుచుకుంటేనే ఇవ్వాలన్న పాత నియమాన్ని పరీక్షించి చూశారు. ముందుగా ఇచ్చినంత మాత్రాన సిజేరియన్లు పెరగలేదు. నొప్పులు నిజంగా మొదలై, ఆమె అడిగితే చాలు.

ముందు చేతికి సెలైన్ సూది పెడతారు, బీపీ చూస్తారు, రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో చూస్తారు. తర్వాత మంచం అంచున కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి, నడుమును వెనక్కి తోస్తూ వీపు విల్లులా అయ్యేలా ముందుకు వంగమంటారు. లేదా పక్కకు పడుకోబెట్టి మోకాళ్లు పొట్ట వైపు ముడవమంటారు. తొమ్మిదో నెల పొట్టతో అలా వంగడం కష్టమే. నిజం చెప్పాలంటే ఈ మొత్తంలో అమ్మాయిలకు ఇబ్బంది కలిగించేది సూది కంటే నొప్పి వస్తుండగా కదలకుండా కూర్చోవడమే. నొప్పి మొదలవుతోందనిపిస్తే వెంటనే చెప్పాలి. డాక్టర్ చేతిలో పని ఆపి, అది తగ్గాక కొనసాగిస్తారు. చర్మానికి మొద్దుబారే మందు ఇచ్చేటప్పుడు చురుక్కుమంటుంది. ఆ తర్వాత పెద్ద సూది వెళ్లేటప్పుడు తెలిసేది ఒత్తిడి. కాలిలోకి కరెంటు షాక్‌లా జివ్వుమని పాకితే అది ఏ కాలో చెప్పాలి. గొట్టం నరాన్ని ఒక క్షణం తాకిందన్నమాట. చాలాసార్లు దానంతటదే పోతుంది. పోకుండా నిలిచిపోతే డాక్టర్ గొట్టాన్ని వెనక్కి తీస్తారు. అందుకే చెప్పకుండా ఓర్చుకోవద్దు.

గొట్టం అంటించాక మందు మొత్తం ఒక్కసారి పోయరు. కొద్దిగా ఇచ్చి ఐదు నిమిషాలు ఆగి ప్రశ్నలు వేస్తారు. నాలుక మీద లోహపు రుచి తెలుస్తోందా, చెవుల్లో గుయ్‌మంటోందా అని అడిగితే, గొట్టం రక్తనాళంలోకి పోయిందేమోనని చూస్తున్నారన్నమాట. కాళ్లు ఎత్తమని అడిగితే, అది డ్యూరా పొరను దాటి లోపలికి పోలేదు కదా అని. పొర లోపలికి పోతే ఆ కాస్త మందుకే కాళ్లు గబగబా బరువెక్కిపోతాయి. రెండూ కాదని తేలాక మిగతాది ఇస్తారు. మొత్తం పది, పదిహేను మిల్లీలీటర్లు.

మందు పనిచేయడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. మొదటి నొప్పి మామూలుగానే వస్తుంది. తర్వాతివి ఒక్కొక్కటీ తగ్గుతూ వస్తాయి. మంచి ఎపిడ్యూరల్ పనిచేస్తున్నప్పుడు కూడా పొట్ట గట్టిపడటం తెలుస్తుంది, నొప్పే ఉండదు. ఏమీ తెలియకుండా పోవాలని ఆశించకండి. ఆ సమయంలో ఐదు నిమిషాలకోసారి బీపీ చూస్తారు. మందు కాళ్లలోని రక్తనాళాలను వదులు చేస్తుంది కాబట్టి కొందరికి బీపీ పడిపోతుంది. వికారం, కళ్లు తిరగడం దానికి మొదటి గుర్తులు. వెంటనే పక్కకు తిప్పి పడుకోబెట్టి, సెలైన్ పెంచి, అవసరమైతే బీపీ పెంచే మందు ఇస్తారు. కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. బిడ్డ గుండె వేగం కాసేపు తగ్గడం కూడా సాధారణంగా ఈ మొదటి అరగంటలోనే కనిపిస్తుంది, అందుకే ఆ సేపంతా మానిటర్ తీయరు.

పది గంటలకు ఆమె నొప్పి లేకుండా మాట్లాడుతోంది అనుకుందాం. గొట్టానికి చిన్న పంపు తగిలించి చేతికి ఒక బటన్ ఇస్తారు. నొప్పి తెలుస్తున్నట్టు అనిపించగానే ఆమే నొక్కుకోవచ్చు. నొక్కిన ప్రతిసారీ నిర్ణీత మోతాదే వెళుతుంది. ఆ తర్వాత పది, ఇరవై నిమిషాలు మళ్లీ నొక్కినా పంపు ఇవ్వదు. అంటే ఎక్కువ మందు వెళ్లిపోతుందన్న భయం అక్కర్లేదు. కానీ బటన్ ఆమే నొక్కాలి. పక్కనున్నవాళ్లు జాలితో నొక్కకూడదు. ఎందుకంటే ఆమె నిద్రలో ఉంటే మందు అవసరం లేనట్టే లెక్క. పంపు లేని చోట నర్సో డాక్టరో గంటన్నర, రెండు గంటలకోసారి గొట్టం గుండా మందు ఇస్తారు. అలాంటి చోట నొప్పి పూర్తిగా తిరిగొచ్చేదాకా ఆగకుండా, మొదలవుతుండగానే చెప్పడం మంచిది.

రాత్రి పన్నెండున్నరకు ఆమెకు కుడివైపు పొత్తికడుపులో నొప్పి తెలియడం మొదలైంది. ఎడమ హాయిగా ఉంది. మీ వదినగారి సంగతే ఇది. కారణం సాధారణంగా చిన్నదే. గొట్టం కొన లోపల ఒక పక్కకు వాలి ఉంటుంది, మందు ఆ పక్క నరాలకే చేరుతుంది. లేదా ఆమె ఎంతోసేపు ఒకే పక్కకు పడుకుని ఉంటుంది. దీన్ని కనిపెట్టే పద్ధతి చాలా సులువు. ఐసు ముక్కనో చల్లటి స్ప్రేనో ముందు భుజానికి తాకించి "ఇది చల్లగా ఉంది కదా" అని అడిగి, తర్వాత పొట్టకు రెండువైపులా బొడ్డు దగ్గర్నుంచి తొడల దాకా తాకిస్తూ పోతారు. ఎడమవైపు చల్లదనం తెలియడం లేదు, కుడివైపు తెలుస్తోంది అంటే కుడి నరాలకు మందు అందలేదని తేలిపోతుంది. అప్పుడు గొట్టాన్ని ఒక సెంటీమీటరు వెనక్కి లాగి, ఆమెను నొప్పి ఉన్న పక్కకు తిప్పి, మరికొంత మందు ఇచ్చి ఇరవై, ముప్పై నిమిషాలు చూస్తారు. ఎక్కువసార్లు ఇంతే చాలు. చాలకపోతే తాత్సారం చేయకుండా ఆ గొట్టం తీసేసి కొత్తది వేయాలి.

ఎపిడ్యూరల్ సరిగ్గా పనిచేయక నొప్పి తగ్గించడానికి ఇంకో మార్గం కావలసి రావడం దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి జరుగుతుంది. బ్రిటన్‌లో కాన్పు మత్తు వైద్యుల సంఘం గర్భిణులకు ఇచ్చే సమాచార పత్రంలోని లెక్క ఇది. ఇంత మామూలుగా జరిగేదాన్ని అమ్మాయిలకు ముందే ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. చెప్పి ఉంటే మీ వదినగారు "అందరికీ పనిచేస్తుంది, నాకే పనిచేయలేదు" అనుకుని ఊరుకునేవారు కాదు. "ఒక పక్కే పనిచేస్తోంది, మత్తు డాక్టర్‌ని పిలవండి" అని అడిగి ఉండేవారు. మీరు గుర్తుపెట్టుకోవలసిన వాక్యం కూడా అదే.

ఇక అత్తగారి మాట. కాన్పు తర్వాత నడుము నొప్పి నిజంగానే చాలామందికి వస్తుంది. గర్భంతో నడుము వంపు మారుతుంది, కీళ్ల పట్టు సడలుతుంది. ఆ తర్వాత వంగి బిడ్డను ఎత్తడం, పాలివ్వడం, నిద్ర లేకపోవడం కలుస్తాయి. ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లనూ తీసుకోనివాళ్లనూ పోల్చి చూసిన అధ్యయనాల్లో దీర్ఘకాలపు నడుము నొప్పి రెండు గుంపుల్లోనూ దాదాపు సమానంగా ఉంది. కానీ సూది తీసుకున్నవాళ్లు ఆ నొప్పికి కారణాన్ని చూపించగలరు, "ఇదిగో, ఇక్కడే వేశారు" అని. తీసుకోనివాళ్లు దాన్ని కాన్పు ఖాతాలో రాసుకుంటారు. సూది వేసిన చోట రెండుమూడు రోజులు, ఒక్కోసారి వారం, నొక్కితే నొప్పిగా ఉండటం మాత్రం నిజమే. అది కమిలిన నొప్పి.

నడుము కంటే మీరు తెలుసుకోవలసింది తలనొప్పి గురించి. వందలో ఒకరికి సూది పొరపాటున డ్యూరా పొరను దాటి చిన్న రంధ్రం చేస్తుంది. దాంట్లోంచి నరాల చుట్టూ ఉన్న నీరు కారుతుంది. ఒకటి రెండు రోజుల్లో తలనొప్పి మొదలవుతుంది. దాని తీరు ప్రత్యేకం. కూర్చున్నా లేచినా విపరీతంగా ఉంటుంది, పడుకోగానే తగ్గుతుంది. మెడ పట్టేసినట్టు ఉండటం, వెలుతురు పడకపోవడం తోడు కావచ్చు. నిద్ర లేక వచ్చే తలనొప్పికి ఈ తేడా ఉండదు. విశ్రాంతికి, మామూలు మందులకు తగ్గకపోతే ఆమె చేతిలోంచి ఇరవై మిల్లీలీటర్ల దాకా రక్తం తీసి, అదే ఎపిడ్యూరల్ చోటులోకి ఎక్కిస్తారు. ఆ రక్తం గడ్డకట్టి రంధ్రాన్ని మూస్తుంది. చాలామందికి అదే రోజు ఉపశమనం తెలుస్తుంది, కొందరికి రెండోసారి చేయవలసి వస్తుంది. "పసిబిడ్డ తల్లికి ఇవన్నీ మామూలే" అని ఈ తలనొప్పిని ఇంట్లో భరించకూడదు.

కాళ్లు పడిపోతాయన్న భయం మీరు రాయలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. కాలిలో ఒక చోట మొద్దుగా ఉండటం, తిమ్మిరి లాంటివి వెయ్యిలో ఒకరికి వస్తాయి, వారాల్లో, నెలల్లో పోతాయి. ఆరు నెలలు దాటినా మిగిలిపోయేది పదమూడు వేలలో ఒకరికి. పక్షవాతం లాంటి తీవ్రమైన నష్టం రెండున్నర లక్షల్లో ఒకరికి. ఇవీ ఇందాక చెప్పిన బ్రిటన్ పత్రంలోని అంకెలే. బిడ్డ తల కటిలోంచి దిగేటప్పుడు నరాలను నొక్కడం వల్ల కూడా ఇలాంటి తిమ్మిరి వస్తుంది. ఎపిడ్యూరల్ అసలు తీసుకోనివాళ్లలోనూ అది కనిపిస్తుంది.

సిజేరియన్ సంగతికి వస్తే, ఈ అనుమానం రావడం సహజం. ఎపిడ్యూరల్ ఎక్కువగా అడిగేది ఎవరు? నొప్పులు ఎక్కువసేపు సాగుతున్నవాళ్లు, బిడ్డ సరైన దిశలో తిరగక నొప్పి తీవ్రంగా ఉన్నవాళ్లు. వాళ్లకు సిజేరియన్ అయ్యే అవకాశం ఎలాగూ ఎక్కువే. చుట్టుపక్కలవాళ్లకు కనిపించేది ముందు ఎపిడ్యూరల్, తర్వాత ఆపరేషన్. ఈ చిక్కుముడి విప్పాలంటే ఎవరికి ఏది ఇవ్వాలో లాటరీలా నిర్ణయించి పోల్చాలి. అలాంటి అధ్యయనాలు పదుల సంఖ్యలో జరిగాయి. పదకొండు వేల మందికి పైగా స్త్రీల వివరాలను కలిపి కొక్రేన్ సంస్థ 2018లో చూసినప్పుడు సిజేరియన్ల సంఖ్యలో తేడా రాలేదు.

తేడా ఉన్నది వేరే చోట. కాన్పు కొంచెం ఎక్కువసేపు పడుతుంది, ముఖ్యంగా ముక్కే దశ. బిడ్డను బయటికి లాగే వాక్యూమ్, ఫోర్సెప్స్ పరికరాల వాడకం కూడా పాత అధ్యయనాల్లో పెరిగింది. 2005 తర్వాత పలుచని మందులతో చేసినవాటిని విడిగా చూస్తే ఆ పెరుగుదల కనిపించలేదు. కొందరికి గంటలు గడిచేకొద్దీ ఒళ్లు వెచ్చబడుతుంది. అది ఎపిడ్యూరల్ వల్లనా, ఇన్‌ఫెక్షన్ వల్లనా అన్నది వెంటనే తేల్చలేరు కాబట్టి కొన్నిసార్లు అవసరం లేకపోయినా యాంటీబయాటిక్స్ ఇస్తారు. మూత్రం వస్తున్నట్టు తెలియదు, అందుకని పైపు వేసి ఖాళీ చేస్తారు. ఫెంటనిల్ వల్ల ఒళ్లు దురద పెట్టవచ్చు. ఇవన్నీ చిన్నవే అయినా ముందే తెలిస్తే కంగారు ఉండదు.

మన ఉదాహరణలోని ఆమెకు తెల్లవారుజామున నాలుగింటికి ముఖద్వారం పూర్తిగా తెరుచుకుంది అనుకోండి. ఎపిడ్యూరల్ లేకపోతే అప్పటికి ముక్కాలన్న తోపు ఆపుకోలేనంతగా వచ్చేది. ఇప్పుడు అంతగా లేదు. బిడ్డ గుండె చప్పుడు బాగుంటే కొన్ని చోట్ల తల ఇంకొంచెం కిందికి దిగేదాకా గంటదాకా ఆగుతారు, మరికొన్ని చోట్ల వెంటనే ముక్కమంటారు. రెండూ ఒప్పుకోదగినవే. ఇక్కడ మందు ఆపేయడం అనే పాత అలవాటు ఒకటుంది, "నొప్పి తెలిస్తేనే ముక్కుతుంది" అని. పలుచని మందు నడుస్తున్నప్పుడు దాన్ని పూర్తిగా ఆపినందువల్ల సిజేరియన్లు గానీ, పరికరాల వాడకం గానీ తగ్గుతాయని గట్టి ఆధారం లేదు, నొప్పి మాత్రం ఒక్కసారిగా మీద పడుతుంది. ఎలా ఉండి ముక్కాలన్న దానికి మాత్రం మంచి ఆధారమే ఉంది. 2017లో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనంలో మూడు వేల మందికి పైగా పాల్గొన్నారు, అందరూ మొదటి కాన్పువాళ్లే, అందరికీ ఎపిడ్యూరల్ నడుస్తున్నదే, సగం మందిని పక్కకు తిరిగి పడుకోమన్నారు, సగం మందిని నిటారుగా ఉండమన్నారు. పడుకున్నవాళ్లలో 41 శాతం, నిటారుగా ఉన్నవాళ్లలో 35 శాతం మంది పరికరాల సాయం, ఆపరేషన్ లేకుండా కన్నారు. చాలామంది ఊహించేదానికి ఇది ఎదురు. ఎపిడ్యూరల్ ఉన్నప్పుడు పక్కకు తిరిగి ముక్కుతానని అడగడం మంచిదే.

అదే సమయంలో బిడ్డ గుండె వేగం పడిపోయి సిజేరియన్ తప్పదన్నారనుకోండి. ఆ గొట్టం అప్పుడూ ఉపయోగపడుతుంది. దాంట్లోంచే చిక్కటి మందు ఇస్తే పది, పదిహేను నిమిషాల్లో ఆపరేషన్‌కు సరిపడా మొద్దుబారుతుంది. పూర్తి మత్తు ఇవ్వాల్సిన పని చాలాసార్లు ఉండదు. గొట్టం రాత్రంతా బాగా పనిచేసి ఉంటేనే ఇది నమ్మకంగా జరుగుతుంది. సగం సగం పనిచేసే గొట్టాన్ని సహించకూడదని ఇందాక అన్నది ఇందుకు కూడా.

బిడ్డకు మత్తు ఎక్కే విషయం అడిగారు. ఎపిడ్యూరల్‌లో వెళ్లే మందు చాలా తక్కువ, అది నరాల దగ్గరే పనిచేస్తుంది, రక్తంలోకి చేరేది కొంచెమే. పుట్టిన బిడ్డ ఏడవడంలో, చురుకుదనంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. పాలివ్వడానికి అడ్డు లేదు. నిజానికి బిడ్డకు మత్తు చేరే అవకాశం మీరు "నయమా" అని అడిగిన ఇంజెక్షన్లతోనే ఎక్కువ.

పెథిడిన్ అనే ఇంజెక్షన్‌ను 50 నుంచి 100 మిల్లీగ్రాములు కండరానికి ఇస్తారు. ఇరవై నిమిషాల్లో పనిచేయడం మొదలై రెండు నుంచి నాలుగు గంటలు ఉంటుంది. మత్తు డాక్టర్ అక్కర్లేదు, నర్సు ఇవ్వగలదు. కానీ అది తగ్గించే నొప్పి కంటే తెచ్చే మగత ఎక్కువ. నొప్పికీ నొప్పికీ మధ్య నిద్ర పడుతుంది, నొప్పి వచ్చినప్పుడు మెలకువ వస్తుంది. వాంతులు రావచ్చు. రక్తం గుండా మాయ దాటి బిడ్డకు చేరుతుంది. ఇచ్చిన రెండుమూడు గంటలకు కాన్పైతే బిడ్డ మందకొడిగా ఉండటం, శ్వాస నెమ్మదిగా ఉండటం, మొదటి రోజుల్లో పాలు సరిగ్గా పట్టకపోవడం చూస్తాం. దీని కోసం పిల్లల డాక్టర్ దగ్గర విరుగుడు మందు ఉంటుంది. తొలి గంటల్లో, ఇంకా చాలా దూరం ఉన్నప్పుడు కాస్త నిద్ర కోసం దీన్ని ఇస్తే అర్థముంది. కాన్పు దగ్గర పడ్డాక అడగకండి.

గ్యాస్ అంటే నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ సగం సగం కలిపినది. మాస్కు చేత్తో పట్టుకుని మీరే పీల్చుకోవాలి. దీని కిటుకంతా వేళలో ఉంది. పీల్చడం మొదలుపెట్టిన ముప్పై సెకన్లకు గానీ పనిచేయదు, కాబట్టి నొప్పి తీవ్రమయ్యాక పీలిస్తే నొప్పి పోయాక మత్తు వస్తుంది. పొట్ట గట్టిపడుతుందని తెలియగానే మొదలుపెట్టి, నెమ్మదిగా లోతుగా పీల్చి, నొప్పి దిగుతుండగా వదిలేయాలి. నొప్పిని పూర్తిగా తీసేయదు, దూరంగా ఉన్నట్టు చేస్తుంది. తల తిరగడం, వికారం ఉంటాయి గానీ మాస్కు తీసిన రెండుమూడు నిమిషాల్లో పోతాయి. బిడ్డకు ఇబ్బంది లేదు. ఎపిడ్యూరల్ వేయడానికి కదలకుండా కూర్చునే ఆ పది, పదిహేను నిమిషాలకు కూడా ఇది మంచి తోడు. మందులు లేనివాటిలో గోరువెచ్చటి నీళ్ల షవర్, నడుము మీద గట్టిగా అదిమి పట్టడం, నడవడం, నొప్పుల పొడుగునా ఒక మనిషి వదలకుండా పక్కనుండటం తొలి గంటల్లో బాగానే పనికొస్తాయి. వీటిలో మొదలుపెట్టి తర్వాత ఎపిడ్యూరల్‌కు వెళ్లవచ్చు.

ఎపిడ్యూరల్ అందరికీ ఇవ్వలేరు. ప్లేట్‌లెట్లు బాగా తక్కువగా ఉన్నా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, వీపులో సూది వేసే చోట ఇన్‌ఫెక్షన్ ఉన్నా సూది ప్రమాదం. రక్తనాళానికి తగిలితే లోపల గడ్డకట్టి నరాలను నొక్కేస్తుంది. 70, 80 వేల కంటే ప్లేట్‌లెట్లు తగ్గితే చాలామంది మత్తు డాక్టర్లు వెనకాడతారు. గర్భంలో బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇవి కొద్ది గంటల్లోనే పడిపోవచ్చు, కాబట్టి తాజా పరీక్ష కావాలి. రక్తం పలుచబడే ఇంజెక్షన్ వాడేవాళ్లైతే మోతాదును బట్టి పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల విరామం ఉండాలి. నొప్పులు మొదలైనట్టు అనిపిస్తే తర్వాతి ఇంజెక్షన్ వేసుకోకుండా ముందు ఫోన్ చేసి అడగాలి. వెన్ను వంకర ఉన్నా, వెన్నుకు ఆపరేషన్ అయి ఉన్నా ఇప్పుడే ఎనిమిదో నెలలోనే మత్తు డాక్టర్‌ను కలిసి, పాత ఎక్స్‌రేలు చూపించండి.

మీ ఆసుపత్రిలో రెండు విషయాలు ఇప్పుడే అడిగి తెలుసుకోండి. కాన్పు వార్డుకు మత్తు డాక్టర్ రాత్రిపూట కూడా అక్కడే ఉంటారా, లేక పిలిస్తే వస్తారా? పిలిస్తే ఎంతసేపట్లో? రెండోది, గొట్టం వేశాక గంట గంటకూ చూసేదెవరు, ఒక పక్కే పనిచేస్తే ఎవరొచ్చి సరిచేస్తారు? వేసి వెళ్లిపోయే పద్ధతి ఉన్న చోట మీ వదినగారి కథే మళ్లీ జరుగుతుంది. అలాంటి చోటైతే ఎపిడ్యూరల్ మీదే భారం వేయకుండా గ్యాస్ ఉందో లేదో కూడా కనుక్కోండి.

కాన్పయ్యాక గొట్టం తీసేటప్పుడు నొప్పి ఉండదు. కొన బయటికి పూర్తిగా వచ్చిందో లేదో నర్సు చూస్తుంది. మొదటిసారి ఒంటరిగా లేవకండి, కాళ్లలో పట్టు రావడానికి కొన్ని గంటలు పడుతుంది. మందు ఆపి నాలుగు గంటలు దాటినా కాలు నిటారుగా ఎత్తలేకపోయినా, తగ్గిన తిమ్మిరి మళ్లీ పెరుగుతున్నా, ఆ చోట నడుము నొప్పి తీవ్రమవుతూ జ్వరం వచ్చినా, మూత్రం రాకపోయినా తెల్లారేదాకా ఆగకుండా మత్తు డాక్టర్‌ను పిలిపించండి. ఇంటికి వెళ్లాక తొలి రెండు వారాల్లో వచ్చినా ఆ అర్ధరాత్రే బయలుదేరి రండి.